రంగు రాసిన చోటు మారిస్తే గీత తిరగబడింది: పెంగ్విన్ల పటంలో సింప్సన్ పారడాక్స్

చుక్కలరవళి రాశారు:

అందరికీ నమస్తే. `palmerpenguins` డేటాతో పటాలు గీయడం ప్రాక్టీస్ చేస్తున్నాను. అంటార్కిటికా దగ్గర పామర్ ద్వీపసమూహంలోని మూడు దీవుల్లో 2007 నుంచి 2009 వరకు కొలిచిన 344 పెంగ్విన్ల వివరాలు అందులో ఉన్నాయి. అడెలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ అని మూడు జాతులు. రెండు పక్షులకు ముక్కు కొలతలు లేవు కాబట్టి పటంలోకి వచ్చేవి 342.

అడ్డంగా ముక్కు పొడవు, నిలువుగా ముక్కు మందం పెట్టి మొదట ఇలా గీశాను:

```r
ggplot(penguins, aes(bill_length_mm, bill_depth_mm)) +
  geom_point(aes(colour = species)) +
  geom_smooth(method = "lm")
```

ఒకే గీత వచ్చింది, అదీ కిందికి దిగుతూ. తర్వాత `colour = species` అన్న ముక్కని పై వరుసలోకి జరిపాను:

```r
ggplot(penguins, aes(bill_length_mm, bill_depth_mm,
                     colour = species)) +
  geom_point() +
  geom_smooth(method = "lm")
```

ఇప్పుడు మూడు గీతలు వచ్చాయి, మూడూ పైకే ఎక్కుతున్నాయి. ఒక్క చుక్క కూడా కదల్లేదు. జాతి పేరు రాసిన చోటు మారింది, అంతే.

కోడ్‌లో తేడా ఏమిటో కొంత అర్థమైంది. అర్థం కానిది అసలు సంగతే. ముక్కు పొడుగ్గా ఉన్న పక్షికి మందం ఎక్కువ ఉంటుందా, తక్కువ ఉంటుందా? ఈ పటం కింద ఒక వాక్యం రాయాలంటే ఏం రాయాలి?

నిశిత రాశారు:

మొదటి గీత వాలు ఎంత వచ్చింది? నేనూ ఇప్పుడే నడిపి చూశాను, -0.085 వచ్చింది. R² చూస్తే 0.055. అంటే మందంలో తేడాల్లో ఆరు శాతం కూడా పొడవు వివరించడం లేదు. ఇంత బలహీనమైన గీతని పట్టించుకోవద్దు, అది యాదృచ్ఛికంగా వచ్చిందే. కుడివైపు చివర ముక్కు పొడవు 55 దాటిన పక్షులు కొన్ని ఉన్నాయి, అవి గీతని లాగేస్తున్నట్టున్నాయి. ఔట్‌లయర్లు తీసేసి మళ్ళీ గీయండి, సర్దుకుంటుంది.

పాతలెక్కలు రాశారు:

నిశిత గారూ, తీసి చూడండి, సర్దుకోదు. R² తక్కువగా ఉండటం, గీత యాదృచ్ఛికం కావడం రెండూ ఒకటి కాదు. 342 పక్షుల మీద సహసంబంధం -0.235 వచ్చింది. నిజంగా ఏ సంబంధమూ లేకపోతే ఇంత బలమైనది కాకతాళీయంగా రావడం లక్షలో ఒకసారి జరిగే మాట. ఆ గీత కిందికి దిగడానికి గట్టి కారణమే ఉంది. అది ఔట్‌లయర్లలో లేదు, మూడు గుంపులు పటంలో ఎక్కడెక్కడ కూర్చున్నాయన్న దాంట్లో ఉంది.

రవళి గారూ, ముందు కోడ్ సంగతి. `ggplot()` లోపల రాసినది కింది పొరలన్నిటికీ అందుతుంది. రంగు అక్కడ ఉంటే `geom_smooth` కూడా దాన్ని చూసి, జాతికో గీత వేస్తుంది. రంగుని `geom_point` లోపలే రాస్తే చుక్కలకి మాత్రమే తెలుస్తుంది, గీత వేసే పొరకి జాతులున్న సంగతే తెలియదు. రెండు పటాలూ సరైనవే, రెండు వేరు ప్రశ్నలకి జవాబులు.

ఇక ఈ సగటులు చూడండి, మిల్లీమీటర్లలో, పొడవు తర్వాత మందం:

అడెలీ: 38.8, 18.3
చిన్‌స్ట్రాప్: 48.8, 18.4
జెంటూ: 47.5, 15.0

అడెలీ పటంలో ఎడమవైపు పైన కూర్చుంది, జెంటూ కుడివైపు కింద. ముక్కు పొడుగ్గా, సన్నగా ఉండటం జెంటూ జాతి లక్షణం. అందర్నీ కలిపి గీత వేస్తే అది ఎక్కువగా ఎడమ పైగుంపు నుంచి కుడి కిందిగుంపుకి నడుస్తుంది. దాన్ని పక్షి గురించి చెప్పిన మాటగా చదివితే తప్పు. అది జాతుల తేడా గురించి చెప్పిన మాట.

సూటిగా రాశారు:

ఇది సింప్సన్ పారడాక్స్. సూత్రం ఒక్కటే గుర్తుపెట్టుకోండి: గుంపులుగా విడదీసినప్పుడు వచ్చేదే నిజం, కలిపి చూసింది భ్రమ. డేటాలో గుంపులుంటే ఎప్పుడూ విడదీయండి. ఇంతకు మించి దీంట్లో ఏం లేదు.

చుక్కలరవళి రాశారు:

పాతలెక్కలు గారూ, సగటులతో చాలా స్పష్టమైంది. కానీ ఒక చోట ఇంకా మింగుడు పడటం లేదు. మూడు గుంపుల్లోనూ పైకి ఎక్కేది, అవే పక్షుల్ని కలిపితే కిందికి ఎలా దిగుతుంది? మూడు పాజిటివ్ వాలుల సగటు పాజిటివ్ కావాలి కదా. ఎక్కడో ఒక నెగెటివ్ అంకె వచ్చి చేరాలి. అది ఎంత, ఎక్కడుంది?

పాతలెక్కలు రాశారు:

ఆ నెగెటివ్ అంకె ఉంది, లెక్కగట్టి చూపించొచ్చు.

మూడు జాతుల్లో విడివిడి వాలులు అడెలీకి 0.18, చిన్‌స్ట్రాప్‌కి 0.22, జెంటూకి 0.20 దగ్గర ఉంటాయి. చాలా దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి ముగ్గురికీ ఒకే వాలు పెట్టి, ఎత్తు మాత్రం జాతిని బట్టి మారనిస్తే:

```r
lm(bill_depth_mm ~ bill_length_mm + species, data = penguins)
```

పొడవు పక్కన 0.20 వస్తుంది. ఒకే జాతిలో ఒక పక్షి ముక్కు ఇంకోదానికంటే 1 మి.మీ. పొడుగైతే, మందం సగటున 0.2 మి.మీ. ఎక్కువ అని దానర్థం. ఇది లోపలి వాలు.

ఇప్పుడు పక్షుల్ని మర్చిపోయి, ప్రతి పక్షి స్థానంలో దాని జాతి సగటుని పెట్టండి. పటం మీద మూడే చోట్ల చుక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వాటి గుండా గీత వేస్తే వాలు -0.20 దగ్గర వస్తుంది. మీరు వెతికే నెగెటివ్ అంకె ఇదే. ఇది గుంపుల మధ్య వాలు.

అంటే +0.20, -0.20 సరిగ్గా ఎదురుబొదురు. మరి ఎవరిది పైచేయి? ముక్కు పొడవులో ఉన్న మొత్తం తేడాల్లో, అంటే వేరియన్స్‌లో, ఎంత భాగం జాతుల మధ్య ఉంది, ఎంత జాతుల లోపల ఉంది అన్నది దాన్ని తేలుస్తుంది. ఈ డేటాలో దాదాపు 71 శాతం జాతుల మధ్య, 29 శాతం లోపల. ఆ బరువులతో కలపండి:

```
0.29 × 0.20 + 0.71 × (-0.20) = -0.084
```

నిశిత గారు చెప్పిన -0.085 ఇదే, మిగిలింది దశాంశాలు కుదించినందుకు వచ్చిన తేడా. మొత్తం గీత ఎప్పుడూ ఈ రెండు వాలుల మధ్యే ఎక్కడో పడుతుంది. మీరన్నట్టు మూడు పాజిటివ్‌ల సగటు పాజిటివే, కానీ మొత్తం గీత ఆ మూడింటి సగటు కాదు. నాలుగోది ఒకటి అందులో కలుస్తుంది, బరువంతా దానిదే.

దీన్నుంచి ఇంకోటి కూడా తెలుస్తుంది. జాతుల సగటు పొడవులు సమానంగా ఉండి ఉంటే మధ్య వాలుకి బరువు ఉండేది కాదు, మందాల్లో ఎంత తేడా ఉన్నా గీత తిరగబడేది కాదు. గుంపుకీ మందానికీ సంబంధం ఉంటే చాలదు, గుంపుకీ పొడవుకీ కూడా ఉండాలి. రెండూ ఉన్నప్పుడే ఈ తిరగబాటు.

రెండు గీతలూ ఒకే పటంలో చూడాలంటే మీ రెండో కోడ్‌కి ఈ వరుస చేర్చండి:

```r
geom_smooth(aes(group = 1), method = "lm", colour = "black")
```

వార్డుడేటా రాశారు:

నేను వైద్య పరిశోధనల గణాంకాల్లో పనిచేస్తాను. మా దగ్గర ఇదే వ్యవహారం గీతల్లో కాకుండా శాతాల్లో వస్తుంది. మేం ఎప్పుడూ ఎత్తే ఉదాహరణ 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన కిడ్నీ రాళ్ళ పరిశోధన. ఓపెన్ ఆపరేషన్ ఒకటి, చర్మానికి చిన్న రంధ్రం పెట్టి రాయి తీసే పీసీఎన్ఎల్ పద్ధతి ఒకటి. చెరి 350 కేసులు.

మొత్తం మీద ఓపెన్‌లో 273 సఫలం, అంటే 78 శాతం. పీసీఎన్ఎల్‌లో 289, అంటే 83 శాతం. కొత్త పద్ధతి గెలిచినట్టే కనిపిస్తుంది.

రాయి సైజు 2 సెం.మీ. దగ్గర విడదీయండి. చిన్న రాళ్ళలో ఓపెన్ 87కి 81 సఫలం, పీసీఎన్ఎల్ 270కి 234. శాతాల్లో 93, 87. పెద్ద రాళ్ళలో ఓపెన్ 263కి 192, పీసీఎన్ఎల్ 80కి 55. శాతాల్లో 73, 69. రెండు సైజుల్లోనూ ఓపెన్‌దే పైచేయి.

కారణం ఆ కేసుల సంఖ్యల్లోనే ఉంది. ఓపెన్‌కి వెళ్ళిన 350 మందిలో 263 మందివి పెద్ద రాళ్ళు. పీసీఎన్ఎల్‌కి వెళ్ళిన 350లో 270 చిన్నవి. కష్టమైన కేసులు ఒకవైపు, తేలికైనవి ఒకవైపు పోగుపడ్డాయి.

ఈ శాతాల్ని మామూలు బార్ చార్ట్‌గా వేస్తే అసలు సంగతి దాక్కుంటుంది, ఎందుకంటే 80 మంది ఉన్న బారూ 270 మంది ఉన్న బారూ ఒకే వెడల్పులో నిలబడతాయి. బార్ వెడల్పుని కేసుల సంఖ్యకి తగ్గట్టు వేయండి. ఓపెన్ వైపు పొట్టి బార్ చాలా వెడల్పుగా, పీసీఎన్ఎల్ వైపు పొడవాటి బార్ చాలా వెడల్పుగా కనిపిస్తాయి. మొత్తం శాతం ఆ వెడల్పుల మీద సగటు కాబట్టి తిరగబాటు ఎక్కడి నుంచి వచ్చిందో చార్టే చెప్పేస్తుంది.

పాతలెక్కలు గారి బరువుల మాటకి ఇది ఇంకో రూపం. మొత్తం 700 మందిలో చిన్న రాళ్ళు 357, పెద్దవి 343. రెండు పద్ధతులకీ ఈ ఒకే మిశ్రమం వచ్చి ఉంటే ఎలా ఉండేదని లెక్కగడితే ఓపెన్‌కి 83.3 శాతం, పీసీఎన్ఎల్‌కి 77.9 శాతం వస్తుంది. మొదటి అంకెలు దాదాపుగా స్థానాలు మార్చుకున్నాయి!

అయితే దీన్నిబట్టి ఓపెన్ ఆపరేషనే మేలని తీర్పు ఇచ్చేయకండి. ఎవరికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసి నిర్ణయించలేదు. రెండు పద్ధతులూ ఒకే కాలంలో జరిగినవి కూడా కావు. సైజు ఒక్కటి సర్దితే మిగతావన్నీ సర్దుకున్నట్టు కాదు.

సూటిగా రాశారు:

నేను చెప్పిందే కదా ఇది. విడదీస్తే నిజం బయటికొచ్చింది. పెంగ్విన్లలోనూ అంతే, కిడ్నీ రాళ్ళలోనూ అంతే. "సర్దుకున్నట్టు కాదు" అంటే ఇంకా విడదీయాలి అని అర్థం.

తెల్లకాగితం రాశారు:

సూటిగా గారూ, విడదీయడం సరే, దేన్ని బట్టి? పెంగ్విన్ల డేటాలో `island` అనే కాలమ్ కూడా ఉంది. అవీ గుంపులే కదా అని దీవుల్ని బట్టి విడదీసి చూశాను.

టోర్గర్సన్‌లో గీత పైకి ఎక్కింది. డ్రీమ్‌లో కొద్దిగా పైకి. బిస్కోలో మాత్రం బాగా కిందికి దిగింది, రవళి గారి మొదటి పటం కంటే నిటారుగా.

ఎందుకంటే టోర్గర్సన్‌లో అడెలీలు తప్ప ఇంకేం లేవు. డ్రీమ్‌లో అడెలీ, చిన్‌స్ట్రాప్ ఉన్నాయి. ఆ రెండింటి సగటు మందం దాదాపు సమానం, అందుకే తిరగబడలేదు. జెంటూలన్నీ బిస్కోలోనే ఉన్నాయి, అడెలీలతో కలిసి. జాతుల మధ్య పెద్ద తేడా అంతా ఆ ఒక్క దీవిలోకి వచ్చి పడింది.

గుంపులుగా విడదీసిందే నిజం అనుకుని ఎవరైనా ఈ పటం ఒక్కటే చూస్తే, బిస్కో దీవి నీళ్ళలో ఏదో ఉందని రాసేస్తారు.

కాల్‌డెస్క్ రాశారు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా ఇదే కోవలోదేమో చెప్పండి. నేను కస్టమర్ సపోర్ట్ టీమ్ రిపోర్టులు చూస్తాను. వచ్చే కాల్స్ రెండు రకాలు: పాస్‌వర్డ్ లాంటి చిన్నవి, బిల్లింగ్ గొడవల లాంటి పెద్దవి. మా వాళ్ళకి కొత్త టూల్ ఇచ్చాక చిన్న కాల్స్ తొందరగా ముగుస్తున్నాయి, పెద్దవీ తొందరగా ముగుస్తున్నాయి. రెండు గీతలూ కిందికే. కానీ మొత్తం సగటు సమయం నెలనెలా పెరుగుతోంది. పైవాళ్ళు ఆ ఒక్క గీత చూసి టూల్ పనిచేయడం లేదంటున్నారు, టీమ్ అంతా టెన్షన్‌లో ఉంది.

కొత్త టూల్‌తో పాటే వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ మనమే మార్చుకునే పేజీ కూడా పెట్టారు. ఇప్పుడు చిన్న కాల్స్ చాలావరకు రావడమే మానేశాయి.

వార్డుడేటా రాశారు:

మీదీ ఇదే. మీ దగ్గర గుంపుల వాటా కాలంతో పాటు మారుతోంది. తేలిక కాల్స్ తగ్గిపోయి, మిగిలినవి ఎక్కువగా బరువైనవి.

టూల్ వల్ల లాభమా అన్న ప్రశ్నకి పాత నెల కాల్స్ మిశ్రమాన్ని స్థిరంగా పెట్టుకుని, దాని మీద కొత్త సమయాల్ని లెక్కగట్టి చూపించండి. కిడ్నీ రాళ్ళకి 357, 343 పెట్టి చేసిందే ఇక్కడా చేయాలి. అదే రిపోర్టులో కాల్స్ రకాల వాటా మారిన తీరుని ఇంకో చార్ట్‌గా పక్కన పెట్టండి. మొదటి చార్ట్ చూసిన వాళ్ళు అడిగే తర్వాతి ప్రశ్న అదే.

కానీ మొత్తం సగటుని రిపోర్టులోంచి తీసేయమని మాత్రం నేను అనను. వచ్చే నెల ఎంతమందిని షిఫ్టులో పెట్టాలి అన్న ప్రశ్నకి ఫోన్ ఎత్తిన వాళ్ళకి నిజంగా ఎదురయ్యే మిశ్రమమే కావాలి. అక్కడ పెరుగుతున్న గీతే సరైనది.

సూటిగా రాశారు:

దీవుల ఉదాహరణ ఒప్పుకుంటాను, సంబంధం లేని కాలమ్‌ని బట్టి విడదీస్తే ప్రయోజనం లేదు. నా మాట ఇలా సవరిస్తున్నాను: ఫలితం మీద ప్రభావం ఉన్న ప్రతి కాలమ్‌ని బట్టీ విడదీయాలి. దీనికి అడ్డేముంది?

వార్డుడేటా రాశారు:

దీనికీ అడ్డుంది, అందులో చాలామంది పడిపోతారు.

1971లో యెరుషల్మీ ప్రచురించిన ఒక ఫలితం ఏళ్ళ తరబడి అందర్నీ తికమక పెట్టింది. మొత్తం మీద చూస్తే పొగతాగే తల్లులకి తక్కువ బరువు బిడ్డలు ఎక్కువగా పుడతారు. కానీ 2500 గ్రాముల లోపు పుట్టిన బిడ్డల్ని మాత్రం విడదీసి చూస్తే, పొగతాగే తల్లుల బిడ్డల్లో మరణాలు తక్కువ కనిపించాయి. పుట్టిన బరువుకీ మరణానికీ గట్టి సంబంధం ఉంది, మీ సవరించిన సూత్రం ప్రకారం దాన్నిబట్టి విడదీయాల్సిందే. విడదీస్తే పొగ బిడ్డని కాపాడుతోందని తేలుతుంది.

అసలు జరిగిందేమిటంటే, బరువు తగ్గడానికి పొగ ఒక కారణం, పుట్టుకతో వచ్చే లోపాల లాంటివి వేరే కారణాలు, అవి చాలా ప్రాణాంతకమైనవి. పొగతాగని తల్లికి బిడ్డ తక్కువ బరువుతో పుట్టిందంటే, కారణం ఆ రెండో రకంది అయ్యే అవకాశం ఎక్కువ. తక్కువ బరువు గుంపులోకి వచ్చిన రెండు రకాల బిడ్డలూ మొదటి నుంచే పోల్చదగ్గవాళ్ళు కారు. వాళ్ళని అలా విడదీసింది మనమే.

రాయి సైజు ఆపరేషన్ కంటే ముందే ఉంది, డాక్టర్ ఏ పద్ధతి ఎంచుకుంటాడన్న దాన్ని అది మార్చింది. అందుకే విడదీశాం. పుట్టిన బరువు పొగ తర్వాత వచ్చింది, పొగే దాన్ని మార్చింది. రెండిటికీ ఫలితంతో సంబంధం ఉన్నా, విడదీయాల్సింది మొదటి రకాన్నే.

నిశిత రాశారు:

అయితే అది డేటా చూసి చెప్పొచ్చా? ఏదైనా టెస్ట్ ఉందా, పి-వాల్యూ లాంటిది?

పాతలెక్కలు రాశారు:

లేదండీ. కిడ్నీ రాళ్ళ పట్టికే తీసుకోండి, ఒక్క అంకె కూడా మార్చకండి. "చిన్న రాయి, పెద్ద రాయి" అన్న శీర్షికలు చెరిపి "ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ రాలేదు, వచ్చింది" అని రాయండి. ఇప్పుడు పీసీఎన్ఎల్‌లో 270 మందికి ఇన్‌ఫెక్షన్ రాలేదు, ఓపెన్‌లో 87 మందికే రాలేదు. ఆ ఇన్‌ఫెక్షన్ తగ్గడం పద్ధతి వల్లే అయితే, కొత్త పద్ధతి చేసిన మేలే అది. దాన్నిబట్టి విడదీస్తే ఆ మేలుని లెక్కలోంచి కొట్టేసినట్టే. అప్పుడు 83 కి 78 అన్న మొత్తం అంకెలే రోగికి పనికొచ్చేవి.

అవే అంకెలు, శీర్షిక మారితే జవాబు మారింది. ఇక ఏ టెస్ట్ ఆ తేడాని పట్టుకుంటుంది? ఏది ముందు, ఏది వెనక, ఏది దేన్ని మార్చగలదు అన్నది పట్టిక బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. సింప్సన్ 1951 వ్యాసం కూడా ఈ చిక్కునే చూపించింది: ఒకే రకం అంకెలకి ఒక సందర్భంలో విడదీసిన పట్టిక, ఇంకో సందర్భంలో కలిపిన పట్టిక సబబుగా తోస్తాయని. తిరగబాటుని మాత్రమే అయితే యూల్ 1903లోనే రాశాడు. సింప్సన్ పేరు దానికి 1972లో బ్లైత్ పెట్టాడు.

చుక్కలరవళి రాశారు:

ఇదంతా చదివాక ఇంకో కాలమ్ మీద అనుమానం వచ్చింది: `sex`. ఆడా మగా తెలియని పక్షులు 11 ఉన్నాయి, వాటిని వదిలేయకపోతే `NA` అని మూడో రంగు వస్తుంది. అవి తీసేస్తే 333 మిగిలాయి.

```r
penguins |>
  tidyr::drop_na(sex) |>
  ggplot(aes(bill_length_mm, bill_depth_mm, colour = sex)) +
  geom_point() +
  geom_smooth(method = "lm") +
  facet_wrap(~ species)
```

అడెలీ గడి చూసి ఆగిపోయాను. ఆడవాటి సగటు 37.3, 17.6. మగవాటిది 40.4, 19.1. మగ పక్షికి ముక్కు పొడవూ ఎక్కువే, మందమూ ఎక్కువే. ఆడవాటిని, మగవాటిని విడదీసేసరికి ఒక్కో గీత దాదాపు చదునైపోయింది. 0.18 అని చెప్పుకున్న వాలు ఎక్కడికి పోయింది? మిగతా రెండు జాతుల్లో గీతలు ఇంకా పైకే ఉన్నాయి, కానీ అక్కడా వాలు తగ్గింది.

అంటే మొదట కిందికి, జాతితో విడదీస్తే పైకి, ఆడ మగ విడదీస్తే అడెలీలో చదును. ఇంకో కాలమ్ దొరికితే మళ్ళీ మారుతుందేమో. ఎక్కడ ఆగాలి?

పాతలెక్కలు రాశారు:

మంచి చోట చూశారు. మీ సగటులతోనే లెక్కవేయండి: ఆడ, మగ మధ్య పొడవులో తేడా 3.1, మందంలో 1.5. ఆ రెండు బిందువులని కలిపే గీత వాలు దాదాపు 0.5. అడెలీ లోపల ఉన్న పైకి ఎక్కడం ఇంచుమించు అంతా దీన్నుంచే వచ్చింది. లోపలి వాలు, మధ్య వాలు అన్న లెక్కే మళ్ళీ, ఒక మెట్టు కింద. ఈసారి మధ్య వాలు కూడా పాజిటివ్ కాబట్టి గీత తిరగబడలేదు, చప్పబడింది.

ఎక్కడ ఆగాలన్నది మీ ప్రశ్నని బట్టి ఉంటుంది. దూరం నుంచి ఒక ముక్కు పొడవు కొలిచి, జాతి తెలియకుండా మందం ఊహించాలంటే మొదటి గీతే వాడాలి, ఆ పరిస్థితిలో దానికంటే మంచి గీత లేదు. ఒక జాతిలో పెద్ద ముక్కంటే అన్ని వైపులా పెద్దదేనా అంటే రెండో పటం. ఒళ్ళు పెద్దది కావడాన్ని పక్కనపెట్టి పొడవుకీ మందానికీ విడిగా సంబంధం ఉందా అంటే మూడోది.

సూటిగా రాశారు:

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఆడ మగ అనేది పుట్టుకతో వచ్చింది, ముక్కు కంటే ముందుది, రెండు కొలతల్నీ మార్చేది. వార్డుడేటా గారి కొలబద్దతో చూసినా విడదీయాల్సిందే. "ప్రశ్నని బట్టి" అంటూ రెండో పటాన్ని మిగిల్చడం ఎందుకు? 0.20 అన్నది ఆడ మగ తేడాని పక్షి మీద రుద్దిన అంకె.

వార్డుడేటా రాశారు:

పొడవు మందానికి కారణమా అని అడిగితే మీరన్నది సరైనదే. కానీ అలా ఎవరు అడుగుతారు? ముక్కు పొడవు పెరిగినందుకు మందం పెరగదు, రెండూ కలిసి పెరుగుతాయి. ఆ కలిసి పెరగడాన్ని వర్ణించడమే పని అయితే, మగ పక్షులు పెద్దవి కావడం కూడా ఆ వర్ణనలో భాగమే. అడెలీలలో 0.18 అన్నది నిజమైన వర్ణనే, దాని కింద "ఇందులో ఎక్కువ భాగం ఆడ మగ తేడాది" అని రాస్తే చాలు.

సూటిగా రాశారు:

అంత రాయాల్సి వచ్చిందంటే అంకె సరైనది కాదనే నా ఉద్దేశం. మన ఇద్దరికీ ఇక్కడ కుదరదు.

చుక్కలరవళి రాశారు:

నేను రెండో పటమే ఉంచుతున్నాను, నల్లగీత చేర్చి, ఆడ మగలకి చుక్కల ఆకారం మార్చి. కింద రాస్తున్న వాక్యం ఇది: "ఒకే జాతిలో ముక్కు పొడవుతో పాటు మందమూ పెరుగుతుంది, అడెలీలలో ఇది చాలావరకు మగ పక్షులు పెద్దవి కావడం వల్ల. నల్లగీత కిందికి దిగడానికి కారణం జెంటూల ముక్కు అడెలీల ముక్కుకంటే పొడుగ్గా, సన్నగా ఉండటం."

సూటిగా గారికి నచ్చే మూడో పటం పక్క పేజీలో ఉంటుంది. చిన్‌స్ట్రాప్, జెంటూలలో ఆడ మగ విడదీశాక కూడా మిగిలిన వాలు దేనిదో ఇంకా తెలియదు. `body_mass_g` కూడా మోడల్‌లో పెట్టి చూస్తాను, బరువు ముక్కు కంటే ముందుదా వెనకదా అని ఎవరైనా చెప్పగలిగితే.

కాల్‌డెస్క్ రాశారు:

స్థిర మిశ్రమంతో చార్ట్ వేశాను, గీత కిందికే ఉంది. కానీ ఒక అనుమానం. పేజీ పెట్టాక కూడా ఫోన్ చేస్తున్న పాస్‌వర్డ్ కాల్స్ అంటే పేజీతో పని కానివే కదా. పాత నెల "చిన్న కాల్", ఈ నెల "చిన్న కాల్" ఒకే రకమని ఎలా అనుకోవాలి?

వార్డుడేటా రాశారు:

అనుకోకూడదు. గుంపు పేరు అదే ఉన్నా లోపలి జనం మారారు. మీ చిన్న కాల్స్ ఇప్పుడు మునుపటికంటే కష్టమైనవి, అయినా సమయం తగ్గింది కాబట్టి టూల్ మేలు మీ చార్ట్ చూపిస్తున్న దానికంటే ఎక్కువే అయ్యుండొచ్చు. ఎంత ఎక్కువో ఈ డేటాతో తేలదు. కాల్ చేసే ముందు ఆ పేజీ తెరిచారా లేదా అన్నది ఎక్కడైనా నమోదవుతోందేమో కనుక్కోండి. అది దొరికితే పేజీ తెరవకుండా ఫోన్ చేసిన వాళ్ళని మాత్రమే పాత నెలతో పోల్చి చూడొచ్చు, అదీ వాళ్ళు పాత వాళ్ళలాంటి వాళ్ళేనని అనుకుంటేనే.